మతర్ అంటే వాన, మతార్ అంటే విమానాశ్రయం: మూడు హల్లుల నుంచి అరబ్బీ మాటలు

"మాది సోంపేట దగ్గర పల్లె. వెల్డింగు పని వచ్చు, గల్ఫ్ వెళ్లే ప్రయత్నంలో ఉన్నాను. ఈలోగా అరబ్బీ మొదటి అభ్యాసాల పుస్తకం పట్టుకున్నాను. మూడక్షరాలు ఇచ్చి, దాన్నుంచి చేసేవాడు, చేయబడింది, చేసే చోటు రాయమంటున్నారు. క-త-బ సులువుగానే వచ్చింది. ద-ర-స ఇస్తే ఉపాధ్యాయుడికి దారిస్ అని రాశాను, తప్పన్నారు. జ-ల-స నుంచి మజ్‌లూస్ రాస్తే అలాంటి మాటే లేదన్నారు. మతార్ అంటే విమానాశ్రయం కదా, దాని ధాతువు మ-త-ర అని రాస్తే అది వాన అంట! ఏటి చేస్తే ఇవి తిన్నగా వస్తాయండి? నమూనాలు ఎన్ని బట్టీ పట్టాలి?"
ఒక పాఠకుడు, సోంపేట

మీ మూడు తప్పులకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి. వాటికంటే ముందు మీరు గమనించని నాలుగోది ఒకటి ఉంది. ధాతువుని క-త-బ అని రాశారు. మన లిపిలో క అని రాయగానే అందులో అకారం వచ్చి కూర్చుంటుంది. కాబట్టి క-త-బ అంటే ధాతువు కాదు, 'కతబ' అనే పూర్తి క్రియ: అతను రాశాడు. ధాతువులో ఉండేవి హల్లులు మాత్రమే, అచ్చు ఒక్కటీ ఉండదు. తెలుగులో రాసుకోవాలంటే పొల్లు పెట్టి క్-త్-బ్ అని రాయండి. ఈ పొల్లు అలవాటైతే సగం చిక్కు విడిపోతుంది, ఎందుకంటే అరబ్బీలో మాటల పుట్టుకంతా ఆ హల్లుల మధ్య ఏ అచ్చులు, ఎక్కడ, ఎంత పొడుగ్గా పడతాయన్న దాని మీదే నడుస్తుంది. తెలుగులో మాట మారాలంటే చివర ఏదో ఒకటి తగిలిస్తాం: రాత, రాసేవాడు, రాయించు. అరబ్బీలో చివరకన్నా నడుమే ఎక్కువ మారుతుంది.

మీరు నమూనా అన్నదాన్ని అరబ్బీ వ్యాకరణంలో వజ్న్ అంటారు, అంటే తూకం. తూకపు రాయిగా వాళ్లు ఫ్-అయిన్-ల్ అనే ధాతువుని వాడతారు. దానికి 'చేయు' అని అర్థం. మొదటి హల్లు స్థానంలో ఫా, రెండోదాని స్థానంలో అయిన్, మూడోదాని స్థానంలో లామ్ పెట్టి నమూనాకి పేరు పెడతారు. మనకిది కొత్త ఏమీ కాదు. యమాతారాజభానసలగం అన్న మాటకి అర్థం చూడం, దాంతో గణాలు కొలుస్తాం. ఫాఇల్, మఫ్ఊల్ కూడా అలాంటి కొలబద్దలే. ఫాఇల్ అంటే 'మొదటి హల్లు తర్వాత దీర్ఘ ఆ, రెండోదాని తర్వాత ఇ' అని చదువుకోవాలి. వంటకి సంబంధించిన త్-బ్-ఖ్ అందులో పోస్తే తాబిఖ్, రాతకి సంబంధించిన క్-త్-బ్ పోస్తే కాతిబ్.

ఈ తూకాల్లో కొన్ని మీ నోట్లో ఇప్పటికే ఉన్నాయి. నిజాం, నవాబుల కాలపు కచేరీ భాషలోంచి పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి దిగిన మాటల్లో చాలావాటి పుట్టిల్లు అరబ్బీయే. కోర్టులో సమన్లు పంపే విభాగం చూసే నాజరు, అర్జీ మీద పడే మంజూరు, మనం వేసే నజరు, ఈ మూడూ ఒకే ధాతువు పిల్లలు. న్-జ్-ర్, అంటే చూడటం. నాజిర్ చూసేవాడు: ఫాఇల్ తూకం. మన్‌జూర్ చూడబడినది: మఫ్ఊల్ తూకం. నజర్ చూపు. ఇదే ధాతువుని చోటు తూకంలో పోస్తే మన్‌జర్, అంటే కంటికి కనబడే దృశ్యం. అలాగే అమలు, మామూలు కూడా ఒక ఇంటివే. అమల్ అంటే పని, మఅమూల్ అంటే చేయబడినది. అయితే ఇక్కడొక జాగ్రత్త ఉంది. తూకం చూసుకోడానికి మన మాటలు పనికొస్తాయి, అర్థం చూసుకోడానికి పనికిరావు. అక్కడ మన్‌జూర్ అంటే ఎవరికీ శాంక్షన్ గుర్తుకు రాదు, మఅమూల్ అంటే లంచం గుర్తుకు రాదు. ఖర్జూరం లోపల పెట్టి చేసే ఒక బిస్కట్టుని మఅమూల్ అంటారు.

ఇక మీ మజ్‌లూస్ సంగతి. మీరు తూకం తప్పలేదు. జ్-ల్-స్‌ని మఫ్ఊల్‌లో పోస్తే వచ్చేది మజ్‌లూసే. తప్పిందల్లా పోయకూడని చోట పోయడం. మఫ్ఊల్ అంటే చేయబడినది. రాయడానికి రాయబడే వస్తువు ఉంటుంది కాబట్టి మక్తూబ్ ఉంది. వండటానికి వండబడేది ఉంది కాబట్టి మత్‌బూఖ్ ఉంది. కూర్చోవడానికి కూర్చోబడేది ఏముంటుంది? తెలుగులో 'దేన్ని?' అని అడిగి చూడండి. దేన్ని రాశాడు, దేన్ని వండాడు అంటే జవాబు వస్తుంది. దేన్ని కూర్చున్నాడు అంటే నవ్వొస్తుంది. మన వ్యాకరణంలో సకర్మకం, అకర్మకం అని చిన్నప్పుడు చదువుకున్నదే ఇది. అకర్మక క్రియ అయితే మఫ్ఊల్ గడిలో గీత పెట్టి వదిలేయండి. అభ్యాసం ఇచ్చినవాళ్లు చాలాసార్లు ఆ గడి కావాలనే పెడతారు.

జ్-ల్-స్‌లోనే ఇంకొక మెలిక ఉంది, దాన్ని మీరు అడగకపోయినా రేపు తగులుతుంది. చోటుకి క్-త్-బ్ నుంచి మక్తబ్ వచ్చింది, అంటే రాసే చోటు, ఇప్పటి వాడుకలో ఆఫీసు. త్-బ్-ఖ్ నుంచి మత్‌బఖ్ వచ్చింది, అంటే వంటిల్లు. ఆ లెక్కన జ్-ల్-స్ నుంచి మజ్‌లస్ రావాలి కదా? రాదు, మజ్‌లిస్ వస్తుంది. దీనికి ఆధారం వర్తమాన క్రియలో నడిమి హల్లు మీద ఉన్న అచ్చు. కూర్చుంటాడు అనడానికి యజ్‌లిసు అంటారు, నడుమ ఇ ఉంది కాబట్టి చోటులోనూ ఇ వస్తుంది. దిగుతాడు అనడానికి యన్‌జిలు, కాబట్టి దిగే చోటు మన్‌జిల్. ప్రయాణంలో మనం వేసే మజిలీ ఇదే. నడుమ అ గానీ ఉ గానీ ఉంటే చోటులో అ వస్తుంది: యక్తుబు, మక్తబ్. తప్పించుకున్నవి కొన్ని ఉన్నాయి. సాష్టాంగపడతాడు అనడానికి యస్‌జుదు, ఉకారమే ఉంది, అయినా చోటు మస్‌జద్ కాలేదు, మస్‌జిద్ అయింది. శ్రీకాకుళం జుమ్మా మసీదు ముందునుంచి వెళ్లినప్పుడల్లా ఆ అపవాదం గుర్తు చేసుకోవచ్చు. ఇందులోంచి తేలేదేమంటే, క్రియ నేర్చుకునేటప్పుడే కతబ, యక్తుబు అని భూతం, వర్తమానం జంటగా నేర్చుకోవాలి. ఒక్క భూతకాలం నేర్చుకుంటే చోటు పేరు దగ్గర ప్రతిసారీ ఊహించాల్సి వస్తుంది.

ఇప్పుడు దారిస్. ఇది ఉన్న మాటే, అర్థమే వేరు. దరస అంటే చదువుకున్నాడు. కాబట్టి దారిస్ చదువుకునేవాడు అవుతాడు గానీ చదువు చెప్పేవాడు కాడు. మీరు ధాతువుకి 'పాఠం' అని అర్థం రాసుకుని, పాఠానికి సంబంధించిన మనిషి అంటే మాస్టారే అనుకుని ఉంటారు. ఇలాంటిచోట తెలుగు మనకి మంచి దారి చూపిస్తుంది. చదువు, చదివించు, నేర్చు, నేర్పు, తిను, తినిపించు. మనం చివర ఇంచు తగిలిస్తే అరబ్బీవాళ్లు నడిమి హల్లుని ఒత్తుతారు. దరస చదివాడు, దర్రస చదివించాడు. అలిమ తెలుసుకున్నాడు, అల్లమ తెలియజెప్పాడు. ఇలా ఒత్తిన క్రియ నుంచి చేసేవాణ్ణి తయారుచేయడానికి ఫాఇల్ తూకం పనిచేయదు. ముందు 'ము' పెట్టి, చివరి హల్లుకి ముందు ఇ పెట్టాలి: ముదర్రిస్, ముఅల్లిమ్. ఇవి రెండూ ఉపాధ్యాయుడే. ఆ ఇ స్థానంలో అ పెట్టారంటే అర్థం తిరగబడుతుంది, చేసేవాడు పోయి చేయబడింది వస్తుంది. ముఅల్లిమ్ బోధించేవాడు, ముఅల్లమ్ బోధింపబడినవాడు. ఒక్క అచ్చు తేడాతో పంతులు పిల్లాడైపోతాడు.

ఒత్తితే ప్రతిసారీ 'ఇంచు' అర్థమే వస్తుందనుకోకండి. కసర అంటే విరిచాడు, కస్సర అంటే విరిపించాడు కాదు, ముక్కముక్కలు చేశాడు. అక్కడ ఒత్తు పనిలో తీవ్రత చూపిస్తుంది. అభ్యాసంలో మీకు కావలసింది మాత్రం ఒక ప్రశ్న: అడిగిన మనిషి ఆ పని తానే చేస్తున్నాడా, ఇంకొకరిచేత చేయిస్తున్నాడా? తానే చేస్తే ఫాఇల్ వైపు, చేయిస్తే ము వైపు.

మనిషికి ఇంకొక తూకం కూడా ఉంది, మీ పనికి అదే ముఖ్యం. ఒక పని ఒకసారి చేసినవాడు వేరు, అదే వృత్తిగా బతికేవాడు వేరు. వృత్తికి ఫఅ్ఆల్ తూకం: నడిమి హల్లు ఒత్తు, దాని తర్వాత దీర్ఘ ఆ. వంట చేస్తున్నవాడు తాబిఖ్ కావచ్చు గానీ వంటవాడు తబ్బాఖ్. రొట్టె ఖుబ్జ్, రొట్టెలు కాల్చేవాడు ఖబ్బాజ్. ఇనుము హదీద్, కమ్మరి హద్దాద్. వడ్రంగి నజ్జార్. మీరు ల్-హ్-మ్ నుంచి లహ్హామ్. సిరియా, లెబనాన్ వైపు లహ్హామ్ అంటే మాంసం కొట్టేవాడని కూడా అర్థం, ఎందుకంటే లహ్మ్ అంటే మాంసం. ఒకే ధాతువు రెండు పనులకీ సరిపోయింది. వెల్డింగుని లిహామ్ అంటారు. ఇక్కడ చూడండి: లిహామ్, లహ్హామ్ రెండూ అరబ్బీలో ఒకేలా రాస్తారు. మామూలు రాతలో ఇకార ఉకారాల్లాంటి పొట్టి అచ్చుల గుర్తులు పెట్టరు, ఒత్తుని చూపించే షద్దా గుర్తూ పెట్టరు. లామ్, హా, అలిఫ్, మీమ్, అంతే కనబడుతుంది. బోర్డు మీద అది పని పేరో పనివాడి పేరో పక్క మాటని బట్టి తెలుసుకోవాలి. కానీ అభ్యాసం నోట్సులో మాత్రం అన్ని గుర్తులూ పెట్టి తీరాలి. అవి లేకుండా రాస్తే మీ జవాబు ఒప్పో తప్పో దిద్దేవాళ్లకే తెలియదు.

మతార్ దగ్గరికొద్దాం. మాట నుంచి వెనక్కి ధాతువుకి వెళ్లడం ముందుకి వెళ్లడం కంటే కష్టం. మీరు చేసిందేమిటంటే, మతార్‌లో దీర్ఘం తీసేసి మిగిలిన మూడూ ధాతువనుకున్నారు. దీర్ఘాన్ని అంత సులువుగా తీసేయకూడదు.

ధాతువుకి బయటినుంచి వచ్చి అతుక్కోగల అక్షరాలు అరబ్బీలో పదే. వాటన్నిటినీ గుర్తుపెట్టుకోడానికి వ్యాకరణకర్తలు ఒక మాట చేశారు: సఅల్తుమూనీహా, అంటే 'మీరు నన్ను దాన్ని గురించి అడిగారు' అని. సీన్, హంజా, లామ్, తేలిక తా, మీమ్, వావ్, నూన్, యా, తేలిక హా, అలిఫ్. ఈ పదిలో లేని అక్షరం మాటలో కనబడితే అది ధాతువుదే, అనుమానం లేదు. పదిలో ఉన్న అక్షరం అయితే అనుమానితుడు మాత్రమే, దొంగ అని తేలిపోలేదు. ఎందుకంటే ఆ పదీ ధాతువులోనూ ఉండగలవు. మీ లహ్మ్‌లో లామ్, మీమ్ రెండూ పదిలోవే, అయినా ధాతువులోవే.

మతార్‌ని ఈ జల్లెడలో వేయండి. అక్షరాలు నాలుగు: మీమ్, బరువు తా, అలిఫ్, రా. బరువు తా అంటే నాలుకని వెనక్కి లాగి నోరు నింపి పలికే త. పదిలో ఉన్నది అది కాదు, తేలిక తా. కాబట్టి బరువు తా ధాతువుదే. రా కూడా ధాతువుదే. మిగిలింది ఒక చోటు, దానికి ఇద్దరు పోటీ: మీమ్, అలిఫ్. ఇక్కడే ఒక నియమం తెలియాలి. దీర్ఘ ఆ పలికే అలిఫ్ అరబ్బీ ధాతువులో సొంతంగా ఎప్పుడూ ఉండదు. అది కనబడితే రెండే దార్లు. ఒకటి, తూకంలో భాగంగా వచ్చినది, కాతిబ్‌లో ఆ లాగా. రెండు, ధాతువులోని వావ్ గానీ యా గానీ కరిగిపోయి దాని స్థానంలో మిగిలినది.

మొదటి దారి చూద్దాం. మీమ్ ధాతువుది, అలిఫ్ తూకానిది అనుకుంటే ఫఆల్ తూకం అవుతుంది. అలాంటి తూకం ఉంది గానీ, మ్-త్-ర్ అర్థం వాన కదా, విమానాశ్రయానికీ వానకీ ఏ సంబంధమూ కుదరదు. రెండో దారి చూద్దాం. మీమ్‌ది చోటు తూకం, మక్తబ్‌లో మ లాగా. అలిఫ్ కింద వావో యావో దాగుంది. అప్పుడు ధాతువు త్-?-ర్. విమానాశ్రయం చోటే కాబట్టి ఇది కుదురుతోంది. ఇక ప్రశ్న గుర్తుకి వావ్ పెట్టాలా యా పెట్టాలా అన్నది తేలాలి. దానికి వర్తమాన క్రియని చూడాలి. ఎగురుతుంది అనడానికి యతీరు. దీర్ఘ ఈ కనబడింది, కాబట్టి యా. ధాతువు త్-య్-ర్, ఎగరడం. వర్తమానంలో ఇకారం ఉంది కాబట్టి పై లెక్కన మఫ్ఇల్ రావాలి, కానీ మస్‌జిద్ లాగే ఇదీ తప్పించుకుని మఫ్అల్ పట్టింది. అందులో పోస్తే మత్‌యర్ రావాలి. కానీ పొల్లు హల్లు తర్వాత అకారంతో వచ్చిన బలహీనమైన యా నిలబడలేక తన అకారాన్ని ముందున్న తా మీదికి జరిపి తాను అలిఫ్‌గా మారిపోయింది: మతార్. ఎగిరే చోటు.

ధాతువు సరిగ్గా దొరికిందో లేదో తెలుసుకోవాలంటే అదే ధాతువుతో మిగతా తూకాలు పోసి చూడాలి. తైర్ అంటే పక్షి, తాఇరా అంటే విమానం, తయ్యార్ అంటే విమానం నడిపేవాడు. తయ్యార్ మీ లహ్హామ్ తూకమే. తయరాన్ అంటే విమానయానం. అన్నీ ఎగరడం చుట్టూ తిరుగుతున్నాయి. అదే వాన వైపు చూడండి. మతర్ వాన, మిమ్‌తర్ వానకోటు. మిమ్‌తర్‌లో రెండు మీమ్‌లున్నాయి కదా, మొదటిది తూకానిది, రెండోది ధాతువుది. రెండు కుటుంబాలూ ఎక్కడా కలవవు. రాతలోనూ తేడా ఉంది: వానలో అలిఫ్ ఉండదు, విమానాశ్రయంలో ఉంటుంది. తెలుగులో రాస్తే మతర్, మతార్ అని తేడా స్పష్టంగా కనబడుతుంది, మీరు దీర్ఘాన్ని నిర్లక్ష్యం చేశారు, అంతే.

మనం వేసే మకాం కూడా సరిగ్గా మతార్ తూకమే. ఖామ నిలబడ్డాడు, యఖూము నిలబడతాడు. ఊ కనబడింది కాబట్టి దాగినది వావ్. చోటు మఖ్‌వమ్ కావలసింది మఖామ్ అయింది.

అయితే వర్తమానంలో ఊ ఈ చూసి తేల్చడం అన్నది ఒట్టి ధాతువు మీద కట్టిన క్రియలకే చెల్లుతుంది. మీకు అక్కడ రోజూ వినబడే ముదీర్, అంటే మేనేజరు, తీసుకోండి. దీర్ఘ ఈ ఉంది కదా అని యా అనుకుంటే బోల్తా పడతారు. దాని క్రియ అదార, యుదీరు: తిప్పాడు, నడిపాడు. ముందు హంజా తగిలించి కట్టిన ఈ రకం క్రియలో వావ్ అయినా యా అయినా వర్తమానంలో ఈగానే పలుకుతుంది. ఒట్టి క్రియకి వెళ్లండి: దార, యదూరు, తిరిగాడు, తిరుగుతాడు. ఊ వచ్చింది. ధాతువు ద్-వ్-ర్. మరో రకం పేచీ నిద్రలో ఉంది: నామ, యనాము. వర్తమానంలోనూ ఆ యే ఉంది, ఏదీ తేలదు. అప్పుడు క్రియానామం చూడాలి. నిద్ర అంటే నౌమ్. వావ్ బయటపడింది. చేసేవాడి రూపం మాత్రం ఎప్పుడూ అడక్కండి. తాఇర్, ఖాఇమ్, నాఇమ్, అన్నిటిలో వావూ యా పోయి హంజా వచ్చి కూర్చుంటుంది, అది ఏ రహస్యమూ చెప్పదు.

జల్లెడ పట్టాక రెండే హల్లులు మిగిలాయంటే భయపడక్కర్లేదు. అలిఫ్ ఉంటే ఇప్పుడు చేసిన పని చేయండి. అలిఫ్ లేకుండా ఒత్తు ఉంటే, ఒకే హల్లు రెండు స్థానాల్లో ఉందని అర్థం. మహత్తా అంటే స్టేషను, ధాతువు హ్-త్-త్. అలిఫూ లేదు, ఒత్తూ లేదు అంటే మీరు తీయకూడనిది తీసేశారన్నమాట. రాజు అనే మలిక్‌లో మీమ్ తీసేస్తే ల్-క్ మిగులుతుంది. అంటే మీమ్ ధాతువుదే, మ్-ల్-క్. మీ వీసా మీద 'మమ్‌లకా' అని ఉంటే అది రాజ్యం. అందులో మొదటి మీమ్ తీయాలి, రెండోది ఉంచాలి.

ఇక తెలుగు లిపిలో ధాతువులు రాసుకునే అలవాటు గురించి. అర్థాలు తెలుగులో రాసుకోండి, ధాతువుని మాత్రం అరబ్బీ అక్షరాల్లోనే రాయండి. పైన నేను తెలుగులో రాస్తున్నది వివరించడానికే. మన జ ఒక్కదాని కింద అరబ్బీ అక్షరాలు ఎన్ని దాక్కుంటాయో చూడండి: హాజరులో జ ఒకటి, మంజూరులో జ ఇంకొకటి, మజిలీలో జ మరొకటి, మసీదు అజాన్‌లో జ నాలుగోది. ఇవన్నీ అక్కడ వేర్వేరు అక్షరాలు, వేర్వేరు ధాతువులు. ఇవి చాలనట్టు జుమ్మాలో ఉన్నది అసలైన జీమ్. గుండె, కుక్క అన్న మాటలు రెండూ మన చెవికి కల్బ్ లాగే వినిపిస్తాయి. గుండెకి గొంతు లోపలి ఖాఫ్, కుక్కకి మామూలు కాఫ్. అయిన్‌తో అమల్ రాస్తే పని, హంజాతో రాస్తే ఆశ. నోట్సులో అన్నిటినీ అ-మ-ల అని రాసుకుంటే నెల తిరిగేసరికి ఏది ఏదో మీకే తెలియదు. ధాతువుల వరుసలో ఉండే నిఘంటువులో వెతికినా దొరకదు. అలాంటి నిఘంటువులో మతార్ మీమ్ కింద ఉండదు, బరువు తా కింద ఉంటుందని ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది.

ఎన్ని తూకాలు అని అడిగారు. మొదటి మూడు నెలలకి ఆరు చాలు: భూత వర్తమానాల జంట, ఫాఇల్, మఫ్ఊల్, మఫ్అల్ దాని తోడుగా మఫ్ఇల్, వృత్తికి ఫఅ్ఆల్, చేయించేవాడికి ముఫఅ్ఇల్. పనికి పేరు, అంటే క్రియానామం, తూకం పట్టి తయారుచేయొద్దు. ఒట్టి క్రియల్లో దానికి నికరమైన నియమం లేదు. రాత కితాబా, వంట తబ్ఖ్, కూర్చోవడం జులూస్, దిగడం నుజూల్, చదువు దిరాసా. ప్రతి క్రియతో పాటు మూడో మాటగా దాన్ని బట్టీ పట్టడమే దారి. మనం వసూలు అనేది అసలు వుసూల్ అనే క్రియానామం, చేరుకోవడం అని అర్థం. గల్ఫ్‌లో విమానం దిగాక బయటికి వచ్చే దారిలో రాకల బోర్డు మీద ఉండే మాట అదే. డబ్బు కట్టమంటున్నారని కంగారుపడకండి.

రోజుకి ఒకే ధాతువు తీసుకోండి. నోట్సు పేజీ మీద ధాతువు అరబ్బీలో, కింద జంట క్రియ, క్రియానామం. ఆ కింద తూకాల ప్రకారం మీరే పెన్సిలుతో మాటలు కట్టండి. తర్వాత నిఘంటువు తీసి, అందులో ఉన్నవాటిని పెన్నుతో దిద్దండి, లేనివాటిని కొట్టేయండి. కొట్టేసిన మాట పక్కన కారణం ఒక ముక్క రాయండి: అకర్మకం, వాడుకలో లేదు, చేయించేవాడు వేరు తూకం, ఇలా. తూకంలో ఒదిగిందల్లా భాషలో ఉండదు. క్-త్-బ్ నుంచి కత్తాబ్ కట్టొచ్చు, కానీ రచయితని అందరూ కాతిబ్ అనే అంటారు. ఒక మాట భాషలో ఉన్నా దాని అర్థం లెక్కకట్టి తేల్చలేం. మక్తబ్ ఆఫీసు ఎందుకైంది, చివర ఆ చేర్చిన మక్తబా గ్రంథాలయం, పుస్తకాల దుకాణం ఎందుకైందంటే వాడుక అలా స్థిరపడింది. అర్థాల మధ్య లేని చుట్టరికం కలపడం కూడా మంచిది కాదు. ష్-అయిన్-ర్ కింద షిఅ్ర్ కవిత్వం, షఅ్ర్ జుట్టు, షఈర్ బార్లీ ఉన్నాయి. వీటిని కలుపుతూ కథ అల్లితే రెండు రోజులు గుర్తుంటుంది గానీ కొత్త మాట దగ్గర ఆ కథే దారి తప్పిస్తుంది.

చివరిగా, సైట్లో మీకు ఎక్కువగా వినబడే రెండు మాటలు ఈ పద్ధతికి లొంగవు, వాటి మీద సమయం పోగొట్టుకోకండి. ఇంజినీరు అనే ముహందిస్‌లో ము తీస్తే హ్-న్-ద్-స్ మిగులుతుంది. అది నాలుగు హల్లుల ధాతువు, అందులో ఒకటి తీసేసి మూడు చేయాలని చూడకూడదు. కరెంటు అనే కహ్‌రబా పారసీ నుంచి అరువు తెచ్చుకున్న మాట, దాంట్లో అరబ్బీ ధాతువు వెతకడం అనవసరం. ఎలక్ట్రీషియన్‌కి దాని చివర ఈ చేర్చి కహ్‌రబాఈ అంటారు. మన తెలుగులోలాగే చివర తగిలింపు.